చదివి చెబుతున్నట్టుంది: ఒక వీడియో ఇంటర్వ్యూ కేసు

నేను ఇంటర్వ్యూ కోచింగ్ ఇస్తాను. కొన్నేళ్లుగా మొదటి రౌండ్లు చాలావరకు వీడియో కాల్‌లోనే జరుగుతున్నాయి కాబట్టి నా పని కూడా అటే తిరిగింది. ఈ కేసు రాసుకోవడానికి కారణం, ఇందులో మొదటి రెండు వారాలు నేనే తప్పుదారిలో వెళ్లాను. పేరు, ఊరు, కంపెనీల వివరాలు తీసేశాను. మిగిలినవన్నీ జరిగినవే.

నేపథ్యం

ఆమెకు ముప్పై ఏళ్లలోపు వయసు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మూడేళ్లు పనిచేసి, బాబు పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో ఉంది. కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో రెండు గదుల అద్దె ఇల్లు. అత్తమామలు, భర్త, బాబు, అందరూ అందులోనే. పాత 14 అంగుళాల లాప్‌టాప్, దాని కెమెరా మామూలుది. కళ్లద్దాలు పెట్టుకుంటుంది.

నా దగ్గరికి వచ్చేసరికి మూడు ఇంటర్వ్యూలు పోయాయి. మూడూ మొదటి రౌండే. రెండు చోట్ల నుంచి ఏ మాటా రాలేదు. మూడో దాంట్లో కన్సల్టెన్సీ వాళ్లను గట్టిగా అడిగితే ఒక్క వాక్యం చెప్పారట: "ఎక్కడో చూసి చదివి చెబుతున్నట్టుంది, నమ్మకం కలగలేదు."

ఆ మాటకు ఆమె చాలా బాధపడింది. "నా ముందు ఒక్క కాగితం కూడా లేదు సార్, ఒట్టు" అంది.

మొదటి రెండు వారాలు

"నమ్మకం కలగలేదు" అన్న మాట పట్టుకుని, ఇది ధైర్యం సమస్య అనుకున్నాను. నాలుగేళ్ల గ్యాప్ ఉంది, ఇంగ్లీషు మాట్లాడే అలవాటు తప్పింది, టెన్షన్ ఉంటుంది. అంతా సరిపోయినట్టే కనిపించింది. గ్యాప్ గురించి అడిగితే ఏం చెప్పాలి, పాత ప్రాజెక్టును రెండు నిమిషాల్లో ఎలా వివరించాలి, ఇవన్నీ ఫోన్‌లో సాధన చేయించాను. ఫోన్‌లో ఆమె చాలా బాగా చెప్పేది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

రెండు వారాలయ్యాక వీడియో కాల్‌లో ఒక మాక్ ఇంటర్వ్యూ పెట్టి రికార్డు చేశాను. ఆ రికార్డింగు చూశాక నాకే సిగ్గేసింది. నేను కంపెనీ వైపు కూర్చున్నా అదే మాట అనేవాణ్ని.

రికార్డింగును నేను రెండుసార్లు చూస్తాను. ఒకసారి శబ్దం పూర్తిగా ఆపేసి బొమ్మ మాత్రం, ఇంకోసారి స్క్రీన్ తిప్పేసి మాట మాత్రం. రెండూ కలిపి చూస్తే మాట మీద ధ్యాస పోయి బొమ్మలో తప్పులు పట్టుకోలేం.

బొమ్మ మాత్రం చూస్తే, వెనక కిటికీ తెల్లగా వెలిగిపోతోంది, ముఖం నల్లటి నీడ. లాప్‌టాప్ బల్ల మీద కింద ఉండటంతో మూత వెనక్కి వాల్చింది, కెమెరా గడ్డం కింద నుంచి పైకి చూస్తోంది. తల పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. దాని రెక్కలు పైనున్న ట్యూబ్‌లైటుకు అడ్డొచ్చినప్పుడల్లా బొమ్మ సన్నగా అదురుతోంది. ఆమె కళ్లు చాలాసేపు కిందకి, పక్కకి ఉన్నాయి. నేను ప్రశ్న వేయగానే ఒక క్షణం అటు చూసి జవాబు మొదలుపెడుతోంది. అచ్చం కాగితం చూసి చదువుతున్నట్టే ఉంది.

మాట మాత్రం వింటే, వాక్యం మొదలు స్పష్టంగా ఉంది, చివర్లు మాయమవుతున్నాయి. "ఆ మాడ్యూల్‌లో నేను..." వరకు వినిపించి తర్వాత మూడు మాటలు మింగినట్టు పోతోంది. గొంతు తగ్గించి మాట్లాడుతోందేమో అనుకున్నాను, పూర్తిగా అదీ కాదు.

"ఎక్కడ చూస్తున్నావమ్మా?" అని అడిగాను.

ఆమె కాసేపు ఆలోచించి, "నన్ను నేనే చూసుకుంటున్నాను సార్. జుట్టు సరిగ్గా ఉందా, అద్దాల్లో లైటు పడుతోందా అని" అంది. స్క్రీన్ కింద కుడిమూల చిన్న పెట్టెలో ఆమె బొమ్మే కనిపిస్తుంది. ఆమె చదువుతోందని వాళ్లకు అనిపించింది ఆ మూల వల్లే.

చేసి చూసినవి, కుదరనివి

నేను నేర్పడానికి ముందే ఆమె సొంతంగా ఒక రింగ్ లైట్ కొంది. ముఖం వెలిగింది, కానీ కళ్లద్దాల్లో రెండు తెల్లని గుండ్రాలు కూర్చున్నాయి. కనుగుడ్లు కనపడవు. ఆ లైటు పక్కకు జరిపితే గుండ్రాలు పోయి సగం ముఖం చీకటైంది. వీడియోలు తీసేవాళ్లకు రింగ్ లైట్ పనికొస్తుందేమో గానీ కళ్లద్దాలున్నవాళ్లకు నేను చెప్పను.

తర్వాత వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్. వెనక బీరువా, దాని మీద సూట్‌కేసులు కనపడకూడదని ఆమె కోరిక. కానీ ముఖం మీద వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు తల ఎక్కడ ఆగుతుందో, గోడ ఎక్కడ మొదలవుతుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఆమె తల తిప్పినప్పుడల్లా ఒక చెవి, కొంత జడ మాయమయ్యేవి. పాత లాప్‌టాప్ మీద ఆ భారం పడి వీడియో ఆగి ఆగి నడిచేది. తీసేశాం.

మూడోది నేను చేసిన తప్పు. అందరికీ చెప్పే సలహానే చెప్పాను: కెమెరా పక్కన చిన్న చుక్క అంటించుకో, మాట్లాడినంతసేపూ అదే చూడు. ఆమె బుద్ధిగా చేసింది. కళ్లు కెమెరాలోనే ఉన్నాయి, కానీ మనిషి బొమ్మలా బిగుసుకుపోయింది. నేను తల ఊపినా చూడలేదు, చేయెత్తి ఆపబోయినా మాట్లాడుతూనే పోయింది. ఎదుటి మనిషి ముఖం చూడకుండా మాట్లాడటం ఎవరికైనా కష్టమే. ఆమెకు అసలే టెన్షన్, ఆపైన నల్లటి చుక్కతో మాట్లాడమన్నాను.

నాలుగోది ఫ్యాను ఆపడం. శబ్దం పోయింది. అది మే నెల. పది నిమిషాలకు నుదురు తడిసి మెరవడం మొదలైంది, అద్దాలు ముక్కు మీద నుంచి జారుతున్నాయి. నలభై నిమిషాల ఇంటర్వ్యూలో అలా కూర్చోవడం కుదరని పని.

కుదిరినవి: కళ్ల దగ్గర నుంచి మొదలు

చూపు సంగతి ముందు తేల్చుకోవాలనుకున్నాను, ఎందుకంటే ఫిర్యాదు దాని మీదే. స్కేలు పెట్టి కొలిపించాను. ఆమె కళ్లకూ స్క్రీన్‌కూ మధ్య 45 సెంటీమీటర్లు. స్క్రీన్ మధ్యలో ఎదుటివాళ్ల ముఖం కెమెరాకు 9 సెంటీమీటర్లు కింద. అంటే ఆ ముఖాన్ని చూసినా చూపు కెమెరా నుంచి 11 డిగ్రీలు దిగుతుంది. కుడిమూల తన బొమ్మను చూస్తే కిందకి 20 డిగ్రీల పైన, పక్కకి ఇంకో 16.

స్టాన్‌ఫర్డ్‌లో మిల్టన్ చెన్ అనే పరిశోధకుడు 2002లో ఈ విషయం మీదే పరీక్షలు చేశాడు. ఎదుటివాళ్ల చూపు మన కళ్లకు కొంచెం కిందకి ఉంటే మనం పెద్దగా పట్టించుకోం, మనవైపే చూస్తున్నారనుకుంటాం. అదే పక్కకో పైకో కొద్దిగా జరిగినా వెంటనే తెలిసిపోతుంది. అందుకే కెమెరా పైన ఉండాలని, చూపు తేడా 5 డిగ్రీల లోపు ఉంటే చాలని ఆయన లెక్క. ఈ లెక్క ప్రకారం ఆమె కెమెరాలోకే చూడాల్సిన పని లేదు. చూసే ముఖాన్ని కెమెరా దగ్గరికి తేవాలి, అంతే.

కాల్ విండోను పూర్తి స్క్రీన్ నుంచి చిన్నది చేయించాను. దాన్ని స్క్రీన్ పైఅంచుకు, సరిగ్గా కెమెరా కిందకి జరిపించాను. ఇప్పుడు ఎదుటివాళ్ల కళ్లు కెమెరాకు 5 సెంటీమీటర్ల దిగువన. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి 75 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టాను. ఇప్పుడు తేడా 4 డిగ్రీల కంటే తక్కువ. ఆమె హాయిగా నా ముఖం చూస్తూ మాట్లాడింది, నాకేమో నా కళ్లలోకే చూస్తున్నట్టు అనిపించింది.

తన బొమ్మను చూసుకోవడం మాన్పించడానికి మాటలతో ప్రయత్నించలేదు. జూమ్‌లో మన వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే `Hide Self View` అని ఉంటుంది. మన బొమ్మ మనకు మాత్రం కనపడదు, ఎదుటివాళ్లకు కనపడుతూనే ఉంటుంది. కాల్‌లో చేరిన వెంటనే ఒకసారి తనను చూసుకుని, తర్వాత దాచేయాలి అని ఒప్పందం. మొదటి రోజు చేతులు వణికాయంది. మూడో రోజుకు మరిచిపోయింది.

కెమెరా ఎత్తు, ఒక పీట

కుర్చీలో కూర్చుంటే ఆమె కళ్లు నేల నుంచి 112 సెంటీమీటర్లు. బల్ల మీద లాప్‌టాప్ కెమెరా 96 దగ్గర ఉంది. ఆ 16 సెంటీమీటర్ల తేడా వల్లే మూత వెనక్కి వాల్చాల్సి వచ్చేది, సీలింగ్ ఫ్యాను కూడా కనిపించేది. పుస్తకాలు పేర్చింది, కుప్ప ఊగింది. చివరికి వంటింట్లోంచి చెక్క పీట తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక కాలు కాస్త పొట్టి, కింద దినపత్రిక మడిచి పెడితే కదలడం ఆగింది. కెమెరా కళ్లకు సమానమైంది, మూత నిటారుగా నిలబడింది, ఫ్యాను ఫ్రేములోంచి పోయింది. అత్తగారు మాత్రం "నా పీట ఎప్పుడిస్తావమ్మా" అని రోజూ అడిగేవారట.

లాప్‌టాప్ అంత ఎత్తున ఉంటే టైపు చేయడం కష్టం. మామూలు ఇంటర్వ్యూకు పర్వాలేదు. కోడ్ రాయించే రౌండుకు విడిగా ఒక యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకోవాలి. ఆమె మరిది దగ్గర ఒకటి దొరికింది.

వెలుతురు

కెమెరా మొత్తం దృశ్యాన్ని ఒక మోస్తరు వెలుగుకు తేవాలని చూస్తుంది. వెనక కిటికీ ఉంటే అది చాలా ప్రకాశం అనుకుని మొత్తం తగ్గించేస్తుంది, ముఖం నల్లబడుతుంది. దీనికి లైటు కొనక్కర్లేదు, బల్లను తిప్పితే చాలు. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాం. అది తూర్పు కిటికీ. పదకొండు దాటితే ఎండ నేరుగా లోపలికి రాదు, ఆకాశం వెలుగు మెత్తగా పడుతుంది. ఆమె తర్వాతి ఇంటర్వ్యూ పదకొండున్నరకు కాబట్టి రిహార్సల్స్ కూడా ఆ వేళకే పెట్టాం. ఉదయం ఎనిమిదికి చేస్తే అదే కిటికీ కళ్లలోకి ఎండ కొడుతుంది, ఆ రిహార్సల్ వల్ల ఏం తెలియదు. ట్యూబ్‌లైటు ఆపేయించాను, దాంతో ఫ్యాను రెక్కల అదురూ పోయింది.

బల్ల తిప్పడంతో ఇంకో మేలు జరిగింది. బీరువా కెమెరా వెనక్కి పోయి, ఆమె వెనక ఒట్టి గోడ, ఒక క్యాలెండరు మిగిలాయి. క్యాలెండరు తీసేసింది.

శబ్దం

చూపు కోసం వెనక్కి జరిపితే మైకుకు దూరమైంది. ఇది నేను ముందే ఊహించాల్సింది. లాప్‌టాప్ మైకు 75 సెంటీమీటర్ల దూరం నుంచి ఆమె గొంతును, పై నుంచి ఫ్యానును, గోడల నుంచి ప్రతిధ్వనిని కలిపి పట్టుకుంటోంది. కాల్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే నాయిస్ సప్రెషన్ ఫ్యాను హోరును చక్కగా తీసేస్తుంది. కానీ వాక్యం చివర మన గొంతు తగ్గినప్పుడు, ఆ తగ్గిన గొంతును కూడా హోరు కిందే కట్టి కోసేస్తుంది. ఆ మాయమైన చివరి మాటలు అవే. గొంతు పెంచమని ఎంత చెప్పినా లాభం లేకపోవడం అందుకే.

ఫోన్‌తో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్ పెట్టించాను. దాని మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి గొంతుకూ ఫ్యానుకూ తేడా సాఫ్ట్‌వేర్‌కు స్పష్టంగా తెలుస్తుంది. బ్లూటూత్ వద్దన్నాను. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మైకు వాడటం మొదలుపెట్టగానే చాలావాటిలో శబ్ద నాణ్యత పడిపోతుంది, పైగా మధ్యలో చార్జింగ్ అయిపోతే గతి లేదు.

మొదటి పరీక్షలోనే కొత్త శబ్దం. టిక్కు టిక్కుమని సన్నగా, ఆమె ఊపిరి తీసినప్పుడల్లా. రెండు రోజులు వైరు పాడైందనుకున్నాం. చూస్తే ఇయర్‌ఫోన్ మైకు మెడలోని నల్లపూసలకు తగులుతోంది. వైరును పిన్నీసుతో కాలరు అంచుకు పట్టించి, గొలుసును డ్రెస్సు లోపలికి వేసుకుంటే పోయింది.

ఫ్యాను సంగతి ఇలా తేలింది: సీలింగ్ ఫ్యాను ఆపి, టేబుల్ ఫ్యానును నేల మీద పెట్టి కాళ్ల వైపు తిప్పాం. గాలి మైకుకు తగలదు, మనిషికి చెమట పట్టదు.

ఇక బయటి శబ్దాలు. మూడు రోజులు పది నుంచి ఒంటిగంట దాకా వినిపించిన ప్రతి శబ్దాన్నీ టైముతో సహా రాయమన్నాను. చెత్తబండి పాట పదీ ఇరవైకి. కుక్కరు విజిళ్లు పదకొండు నుంచి. పాత ఇనుము కొనేవాడి మైకు ఒకరోజు పదకొండుకు, ఒకరోజు పన్నెండుకు. పైవాళ్ల నీళ్ల మోటారు పన్నెండుకు అటూ ఇటూ. ఈ కాగితం వల్ల ఏది మన చేతిలో ఉందో తెలిసింది. వంట పదిన్నరకు ముగించడం, మోటారు ఆ ఒక్కరోజు ముందే వేయమని పైవాళ్లను అడగడం, బాబును తాతయ్యతో గుడికి పంపడం, ఇవి అయ్యే పనులు. ఇనుము బండి మన చేతిలో లేదు. దాని కోసం ఒక వాక్యం తయారు చేశాం, "బయట లౌడ్‌స్పీకర్ వెళ్తోంది సార్, పది సెకన్లు ఆగి చెబుతాను" అని, ఇంగ్లీషులో. చెప్పి మ్యూట్ చేయాలి, ఆ హోరు మీద అరుస్తూ మాట్లాడకూడదు.

తర్వాత

పదకొండున్నర ఇంటర్వ్యూలో మొదటి రౌండు దాటింది. రెండో రౌండులో పోయింది. ఈసారి వచ్చిన ఫీడ్‌బ్యాక్ ఎస్‌క్యూఎల్‌లో విండో ఫంక్షన్లు రావడం లేదని. నాకు సంతోషమే వేసింది, ఎందుకంటే వాళ్లు మొదటిసారి ఆమె సబ్జెక్టు విని వద్దన్నారు.

మరో మూడు వారాలకు ఇంకో ఇంటర్వ్యూ, సాయంత్రం ఆరున్నరకు. అడిగేవాళ్లు అమెరికా తూర్పు తీరంలో ఉన్నారు, అక్కడ ఉదయం తొమ్మిది. ఆరున్నరకు మొదలుపెడితే మధ్యలోనే చీకటి పడుతుంది. కిటికీ వెలుగుతో మొదలై దీపంతో ముగిస్తే, మధ్యలో కొంతసేపు సగం ముఖం నీలంగా, సగం పసుపుగా కనిపిస్తుంది. అందుకని కర్టెన్ పూర్తిగా మూసి, మొదటి నుంచీ దీపమే పెట్టుకోమన్నాను.

దీపం నేరుగా ముఖం మీద పడితే అద్దాల్లో మెరుస్తుంది. టేబుల్ ల్యాంపును గోడవైపు తిప్పితే గోడ మీద పడి మెత్తగా వెనక్కి వస్తుంది. చేసి చూస్తే ముఖం పచ్చగా, జబ్బు మనిషిలా ఉంది. ఆ గది గోడలు లేత ఆకుపచ్చ రంగువి. స్కూలు ప్రాజెక్టులకు వాడే తెల్ల థర్మాకోల్ షీటు తెచ్చి లాప్‌టాప్ వెనక, కళ్ల ఎత్తుకు కొంచెం పైన ఆనించి, 9 వాట్ల తెల్ల ఎల్ఈడీ బల్బును దానివైపు తిప్పాం. ముఖం తేటగా వచ్చింది. అద్దాల్లో స్క్రీన్ మెరుపు మిగిలింది, బ్రైట్‌నెస్ సగానికి తగ్గిస్తే అదీ పోయింది.

ఇంటర్వ్యూ నడుస్తుండగా ఏడు దాటాక కరెంటు పోయింది. రూటరు ఇన్వర్టరు మీద ఉంది కాబట్టి కాల్ ఆగలేదు. ల్యాంపు మాత్రం ఇన్వర్టరు లేని ప్లగ్గులో ఉంది, ఆ సంగతి నేను అడగనూ లేదు, ఆమె చూడనూ లేదు. ముఖం చీకటైపోయింది. ఆమె జవాబు ఆపకుండా ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచి, కాల్ విండో కింద మిగిలిన స్క్రీన్ అంతా తెల్లగా పరిచి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచింది. అద్దాల్లో మెరుస్తుందని తెలుసు. "చీకట్లో ఉండటం కంటే మెరవడం నయం అనిపించింది సార్" అని తర్వాత ఫోన్ చేసి చెప్పింది. పది నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆ ఉద్యోగంలోనే చేరింది.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి రోజే, జవాబుల జోలికి పోకుండా, వాళ్ల గదిలో, వాళ్ల లాప్‌టాప్‌లో, ఇంటర్వ్యూ జరిగే వేళకు పదిహేను నిమిషాల కాల్ రికార్డు చేస్తాను. ఫోన్‌లో బాగా మాట్లాడే మనిషి వీడియోలో తడబడితే తప్పు మనిషిలో ఉందని అనుకోను, ముందు కళ్లు ఎటు పోతున్నాయో చూస్తాను.

సర్దే వరుస కూడా మారింది. ముందు కిటికీ చూసి బల్ల తిప్పుతాం, దాంతో వెనక గోడ ఏదో తేలిపోతుంది. తర్వాత కెమెరా ఎత్తు, విండో చోటు, కూర్చునే దూరం. దూరం ఖాయమయ్యాకే మైకు. ఈ కేసులో మైకు ముందు సర్ది ఉంటే, కుర్చీ వెనక్కి జరిపిన రోజు మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం. కెమెరా పక్కన చుక్క పెట్టుకోమని ఎవరికీ చెప్పడం లేదు. చివరగా, లైటూ రూటరూ లాప్‌టాపూ ఏ ప్లగ్గులో ఉన్నాయో, వాటిలో ఇన్వర్టరు ఉన్నవి ఏవో, ఫోన్ హాట్‌స్పాట్ ఒకసారి కలిపి చూశారో లేదో అడుగుతాను.